అడ్మిషన్ రోజు నుంచి తెరుచుకోని లాగిన్: స్కూల్ ఆఫీసుకు రాసిన రెండో ఉత్తరం

మా అమ్మాయి ఏడో తరగతి అడ్మిషన్ జూలై 11న అయింది. క్లాసులు మొదలై అప్పటికే కొన్ని వారాలైంది, మేమే ఆలస్యంగా చేరాం. ఫీజు రసీదుతో పాటు ఒక చిన్న చీటీ చేతిలో పెట్టారు. స్టూడెంట్ పోర్టల్ అడ్రసు, యూజర్‌నేమ్‌గా అడ్మిషన్ నంబరు, పాస్‌వర్డ్‌గా పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో, మధ్యలో గీతలు లేకుండా. అంతే రాసి ఉంది దాని మీద. ఆ సాయంత్రమే కూర్చుని కొట్టాం. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాం. తెరుచుకోలేదు. చివరికి అది తెరుచుకున్నది అక్టోబర్ 16న.

ఈ మధ్య కాలంలో నేను ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను. మొదటి దానితో ఏమీ కదల్లేదు. రెండోది ఇచ్చిన రెండు రోజుల్లో పని అయింది. ఆఫీసూ అదే, కౌంటర్లో మేడమ్ కూడా ఆవిడే. మారింది ఉత్తరంలోని మాటలు. ఇలాంటి చిక్కులో ఉన్న తల్లిదండ్రులు చాలామంది ఉంటారు కాబట్టి ఆ తేడా ఏమిటో వివరంగా రాస్తున్నాను.

మొదటి ఉత్తరం సెప్టెంబర్ 2న రాశాను. అందులో అసలు విషయం ఒక్క ముక్క: "మా అమ్మాయి పోర్టల్ లాగిన్ పని చేయడం లేదు, దయచేసి సరిచేయగలరు." మిగతా పేజీ అంతా నా బాధ. ఎన్నిసార్లు ఫోన్ చేశానో, ఎంతసేపు హోల్డ్‌లో పెట్టారో, ఇంత ఫీజు కట్టి ఇదేమిటో. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ మర్నాడు ఫోన్ వచ్చింది: "పాస్‌వర్డ్ రీసెట్ చేశాం మేడమ్, పుట్టిన తేదీ కొట్టి చూడండి." జూలై 22న ఫోన్లో అడిగినప్పుడూ అదే చేశారు. ఆగస్టు 9న నేరుగా వెళ్లినప్పుడూ అదే చేశారు. మూడుసార్లూ రీసెట్ నిజంగానే జరిగింది. మూడుసార్లూ ఇంట్లో స్క్రీన్ మీద అదే లైను కనిపించింది: Invalid username or password.

ఆఫీసు వాళ్లు పట్టించుకోలేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనను. "పని చేయడం లేదు" అని రాస్తే, ఎదుటివాళ్లకి అది నిన్నటిదాకా పని చేసి ఇవాళ ఆగిపోయినట్టే వినిపిస్తుంది. అలాంటి ఫిర్యాదులు వాళ్లకి రోజూ వస్తాయి. పిల్లలు పాస్‌వర్డ్ మర్చిపోతారు, తప్పుగా పదిసార్లు కొట్టి అకౌంట్ లాక్ చేసుకుంటారు, ఇంట్లో ఫోన్ నంబరు మారుతుంది. వీటన్నిటికీ రీసెట్ సరైన మందే. కాబట్టి నా ఉత్తరం చదివిన మేడమ్ సరైన మందే ఇచ్చారు. జబ్బు వేరు అని ఉత్తరంలో నేనే చెప్పలేదు.

ఒకసారైనా తెరుచుకున్న అకౌంట్ అయితే, దాని వివరాలు సరిగా ఎక్కాయని అర్థం. తర్వాత ఏదో మారింది, ఆ మారినది వెతికితే చాలు. పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారీ తెరుచుకోని అకౌంట్ కథ అది కాదు. అక్కడ పిల్ల మర్చిపోవడానికి ఏమీ లేదు, పాడుచేయడానికీ ఏమీ లేదు. తప్పు అకౌంట్ పుట్టుకలోనే ఉంటుంది. అసలు అకౌంటే సృష్టించి ఉండకపోవచ్చు. సృష్టించి యాక్టివ్ చేయకుండా వదిలేసి ఉండొచ్చు. వివరాలు అడగడానికి వెళ్లిన రోజు ఒక రికార్డు, చేరిన రోజు ఇంకో రికార్డు తయారై, ఫీజు ఒకదానిలో, లాగిన్ ఇంకోదానిలో ఉండొచ్చు. లేదా ఫారంలో మనం రాసిన నంబరో తేదీయో కంప్యూటర్లోకి వేరేగా ఎక్కి ఉండొచ్చు. వీటిలో దేన్నీ రీసెట్ బాగుచేయదు.

మా విషయంలో చాలా ముందే దొరకాల్సిన ఆధారం ఒకటి ఉంది. నేను దాన్ని రెండు నెలలు పట్టించుకోలేదు. అదేమిటో చెప్పే ముందు, ఇంట్లో చేసి చూసిన పరీక్ష ఒకటి చెప్పాలి.

సెప్టెంబర్ చివర్లో ఒక ఆదివారం కూర్చుని, యూజర్‌నేమ్ దగ్గర కావాలనే అర్థం లేని అక్షరాలు కొట్టాను. అలాంటి పేరుతో ఎవరూ ఉండరు. అయినా వచ్చిన మెసేజ్ అదే: Invalid username or password. అక్షరం కూడా తేడా లేదు. అప్పుడు అర్థమైంది, ఆ లైను చూసి మన అకౌంట్ అసలు ఉందో లేదో చెప్పలేమని. చాలా సైట్లు దీన్ని కావాలనే ఇలా పెడతాయి. పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా అని విడిగా చెబితే, బయటివాడెవడైనా నంబర్లు ఒక్కొక్కటే కొడుతూ ఏవి నిజమైనవో పోల్చుకోగలడు. భద్రత కోసం అది మంచి పద్ధతే. కానీ నిజంగా ఇరుక్కున్న పిల్లకి ఆ మెసేజ్ వల్ల ఏ సాయమూ లేదు. పైగా "పాస్‌వర్డ్ తప్పు" అన్న మాట మాత్రమే కళ్లకి కనిపించి, అమ్మాయే సరిగా కొట్టడం లేదేమో అని ఇంట్లో అందరం దాన్నే అడిగాం. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ తర్వాత Forgot Password నొక్కాను. అంతకుముందు కూడా ఎన్నోసార్లు నొక్కాం. అది అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ అడుగుతుంది, రెండూ సరిపోతే ఫోన్‌కి ఓటీపీ పంపుతుంది. మాకు ఓటీపీ ఎప్పుడూ రాలేదు. నెట్‌వర్క్ సమస్య అనుకుని వదిలేశాం. ఆ ఆదివారం మాత్రం స్క్రీన్ మీద ఏముందో ఆగి చదివాను: Details do not match our records.

ఈ మెసేజ్ వేరు. లాగిన్ తప్పు అనడం లేదు. మీరు చెప్పిన వివరాలు, మా దగ్గరున్న వివరాలు ఒకటి కావు అంటోంది. నేను కొట్టినవి రెండే వివరాలు. అడ్మిషన్ నంబరు ఐడీ కార్డు మీద చూసి కొట్టాను. పుట్టిన తేదీ కన్నతల్లికి తెలియకుండా ఉండదు. అంటే వాళ్ల రికార్డులోనే రెండిటిలో ఒకటి తేడాగా ఉంది. జూలై నుంచీ ఆ వాక్యం మా ముందే ఉంది. లాగిన్ అవకపోవడం మీదే దృష్టంతా పెట్టి దాన్ని చదవలేదు.

ఇక్కడ ఒక మాట. చాలా పోర్టళ్లలో ఈ పేజీ ఓటీపీ పంపే ముందు ఫోన్ నంబరు చివరి రెండు మూడు అంకెలు చూపిస్తుంది, మిగతావి చుక్కల్లో ఉంటాయి. అక్కడ కనిపించే అంకెలు మీ నంబరువి కాకపోతే, మీ పిల్లల ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి వెళుతున్నట్టు. అది లాగిన్ సమస్య కన్నా పెద్ద సంగతి. వెంటనే ఆఫీసుకి చెప్పాలి.

ఇంత తెలిశాక రెండో ఉత్తరం రాశాను. దాన్ని ఉన్నది ఉన్నట్టు కింద ఇస్తున్నాను. పేరు, అడ్మిషన్ నంబరు తీసేశాను. పాప అసలు పుట్టిన తేదీ కూడా బయట పెట్టను. అదే రకం తేదీ ఒకటి, 2012 సెప్టెంబర్ 4 అని, దాని చోట పెట్టాను.

---

తేదీ: అక్టోబర్ 14

స్కూల్ ఆఫీసు ఇన్‌ఛార్జి గారికి,
కాపీ: క్లాస్ టీచర్ గారికి

విషయం: జూలై 11న అడ్మిషన్ అయినప్పటి నుంచి ఒక్కసారి కూడా తెరుచుకోని స్టూడెంట్ పోర్టల్ లాగిన్

నమస్కారం.

మా అమ్మాయి మీ స్కూల్లో 7వ తరగతి చదువుతోంది. అడ్మిషన్ అయిన రోజు నుంచి ఇవాళ్టికి 95 రోజులు. ఈ 95 రోజుల్లో తన పోర్టల్ లాగిన్ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ముందు పని చేసి తర్వాత ఆగిపోయింది కాదు. పాస్‌వర్డ్ మర్చిపోవడం కూడా జరగలేదు.

జూలై 22, ఆగస్టు 9, సెప్టెంబర్ 3 తేదీల్లో మీరు పాస్‌వర్డ్ రీసెట్ చేశారు. ప్రతిసారీ అదే రోజు ప్రయత్నించాం. రెండు ఫోన్లలో, ఒక కంప్యూటర్లో ప్రయత్నించినా Invalid username or password అనే వస్తోంది. అదే కంప్యూటర్లో తన క్లాస్‌మేట్ తన సొంత లాగిన్ తెరిస్తే మొదటిసారే తెరుచుకుంది. Forgot Password లో అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ ఇస్తే Details do not match our records అని వస్తోంది. రెండు మెసేజ్‌ల ప్రింట్లు, తేదీ, టైముతో సహా జత చేశాను.

కాబట్టి మళ్లీ రీసెట్ చేయవద్దని మనవి. దాని బదులు అడ్మిషన్ ఫారంని, పోర్టల్లో ఉన్న రికార్డుని పక్కపక్కన పెట్టి ఈ నాలుగూ చూడగలరు: అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, అకౌంట్ యాక్టివ్‌గా ఉందా లేదా. పుట్టిన తేదీ ఫారంలో 04-09-2012, అంటే సెప్టెంబర్ నాలుగు. అలాగే ఈ అకౌంట్‌కి చివరి లాగిన్ ఎప్పుడని చూపిస్తోందో కూడా చూడగలరు. ఇందులో ఏదైనా మీ చేతిలో లేకపోతే, ఈ ఉత్తరాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇలాగే పంపించవచ్చు.

క్లాస్ టీచర్ గారికి ఒక మనవి. లాగిన్ లేనందువల్ల పాప అసైన్‌మెంట్లు కాగితం మీద రాసి ఇస్తోంది. అవి పోర్టల్లో Not Submitted గా కనిపిస్తున్నాయని గత వారం మీరే చెప్పారు. లాగిన్ తెరుచుకునే వరకు కాగితం మీద ఇచ్చిన వాటిని ఇచ్చినట్టే నమోదు చేయాలని, ఇప్పటికే పడిన సున్నాలు తీసేయాలని కోరుతున్నాను. ఇచ్చిన వాటి జాబితా, తేదీలతో, జత చేశాను. అప్పటివరకు హోంవర్క్ నోటీసులు డైరీలో రాయించగలరు.

నేను మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం మూడు తర్వాత ఎప్పుడైనా రాగలను. రికార్డు చూసేటప్పుడు పక్కన ఉండడానికి సిద్ధం.

ఇట్లు,
తల్లి సంతకం, ఫోన్ నంబరు

---

ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసినది "మళ్లీ రీసెట్ చేయవద్దని మనవి" అన్న వాక్యం. ఆఫీసు వాళ్ల పని ఆఫీసు వాళ్లకి చెప్పడం మర్యాద కాదేమో అని రాసేటప్పుడు మా ఆయన సందేహించారు. నేను ఉంచాలనే అన్నాను. ఆ వాక్యం లేకపోతే చెయ్యి మళ్లీ అలవాటుగా ఆ బటన్ మీదికే వెళుతుంది. మూడు తేదీలు వేసి, మూడుసార్లూ ఏమైందో చెప్పాక అలా అడగడంలో అమర్యాద ఏమీ లేదు.

క్లాస్‌మేట్ సంగతి కూడా ఊరికే రాయలేదు. అదే కంప్యూటర్, అదే ఇంటర్నెట్, అదే సైట్, ఇంకో పిల్ల లాగిన్ తెరుచుకుంది. దాంతో "బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేయండి, వేరే ఫోన్లో చూడండి" అనే సలహాలకి దారి మూసుకుపోయింది. ఆ పరీక్ష చేసినప్పుడు ఆ అమ్మాయి మా ఇంట్లో కూర్చుని తన పాస్‌వర్డ్ తనే కొట్టుకుంది. మేం చూడలేదు, అడగలేదు. కొంతమంది తల్లిదండ్రులు ఇలాంటప్పుడు ఇంకో పిల్ల లాగిన్ అడిగి తీసుకుని దానితోనే నెట్టుకొస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. దానిలో చేసిన ప్రతి సబ్మిషన్ ఆ పిల్ల పేరుతో పడుతుంది. మీ పిల్ల అకౌంట్ ఎందుకు తెరుచుకోదో ఎవరూ ఎప్పటికీ వెతకరు.

చివరి లాగిన్ ఎప్పుడని అడగడం వెనక కూడా ఒక లెక్క ఉంది. ఇలాంటి పోర్టళ్లలో చాలావాటికి ఆఫీసు వైపు స్క్రీన్‌లో ప్రతి అకౌంట్ పక్కన అది చివరిసారి తెరుచుకున్న తేదీ ఉంటుంది. ఒక్కసారీ తెరుచుకోకపోతే అది ఖాళీగా ఉంటుంది. నా మాట నమ్మమని నేను అడగనక్కర్లేదు, వాళ్ల స్క్రీనే చెబుతుంది. అక్కడ ఏదైనా తేదీ ఉంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే, ఆ రోజు ఎవరో తెరిచారన్నమాట.

పాస్‌వర్డ్‌గా మేం ఏం కొట్టామో ఉత్తరంలో రాయలేదు. మామూలుగా పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ కాగితం మీద రాయకూడదు. పుట్టిన తేదీ ఎలాగూ ఫారంలో ఉంది కాబట్టి దాన్ని పుట్టిన తేదీగానే రాశాను. నెలని అక్షరాల్లో రాయడం మాత్రం కావాలనే చేశాను. 04-09 అని ఒక్కటే రాస్తే ఎవరు ఎటు నుంచి చదువుతారో చెప్పలేం.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు తేదీతో స్టాంపు వేయించుకున్నాను. అక్టోబర్ 16, గురువారం మధ్యాహ్నం రమ్మని ఫోన్ వచ్చింది.

కౌంటర్లో మేడమ్ పాప ఫైలు తీసి పక్కన పెట్టుకున్నారు, కంప్యూటర్లో రికార్డు తెరిచారు. మానిటర్ కొంచెం నా వైపు తిప్పారు. అడ్మిషన్ నంబరు సరిపోయింది. ఫోన్ నంబరు ఒక్కో అంకె చదివాం, సరిపోయింది. అకౌంట్ యాక్టివ్. Last Login దగ్గర ఒక చిన్న గీత మాత్రమే ఉంది. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగిపోయింది. స్క్రీన్ మీద 09-04-2012 అని ఉంది.

"ఏప్రిల్ తొమ్మిదా అమ్మా పాపది?"

"కాదు మేడమ్, సెప్టెంబర్ నాలుగు."

ఆవిడ ఫారం చూశారు, మళ్లీ స్క్రీన్ చూశారు. "ఇన్నాళ్లూ నేను రీసెట్ నొక్కిన ప్రతిసారీ అది తప్పు తేదీనే పాస్‌వర్డ్‌గా పెట్టిందన్నమాట" అన్నారు, మెల్లగా.

సంగతి అదే. రీసెట్ బటన్ చేసేది పాస్‌వర్డ్‌ని రికార్డులోని పుట్టిన తేదీకి మార్చడం. రికార్డు ప్రకారం మా పాప పాస్‌వర్డ్ మొదటిది, మేం కొడుతున్నది రెండోది:

```
09042012
04092012
```

మూడుసార్లూ తాళం మార్చారు, మూడుసార్లూ అదే తప్పు తాళంచెవికి సరిపోయేలా మార్చారు. Forgot Password కూడా ఆ తేదీతోనే పోల్చి చూస్తుంది కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. పోర్టల్ తనకి చెప్పింది చెప్పినట్టే చేసింది.

మరి తేదీ ఎలా తిరగబడింది? నేను అడిగే లోపే ఆవిడ పాత ఫైళ్లలో వెతకడం మొదలుపెట్టారు. మొదట్లో చేరిన పిల్లల వివరాలు ఒక్కొక్కటిగా పోర్టల్లోనే టైప్ చేశారట. జూలైలో ఆలస్యంగా చేరిన పదకొండు మందివి మాత్రం ఒక ఎక్సెల్ షీటులో రాసి, ఒకేసారి ఎక్కించమని సాఫ్ట్‌వేర్ వాళ్లకి పంపారు. ఆ షీటు తెరిచారు. పుట్టిన తేదీల కాలమ్ చూస్తే కొన్ని తేదీలు గడిలో ఎడమ అంచుకి, కొన్ని కుడి అంచుకి అంటుకుని ఉన్నాయి. మా పాప తేదీ కుడి పక్కన, 4/9/2012 అని ఉంది. చూడ్డానికి అందులో తప్పేమీ కనిపించదు.

ఆ ఎడమ కుడి తేడా నాకు తెలుసు, లెక్కల పని చేసే చోట రోజూ చూస్తాను. ఎక్సెల్ ఒక దాన్ని తేదీగా గుర్తిస్తే, మనం ఏమీ మార్చకపోతే, కుడి పక్కన పెడుతుంది. మామూలు అక్షరాలుగా తీసుకుంటే ఎడమ పక్కన పెడుతుంది. ఆ కంప్యూటర్‌లో తేదీ పద్ధతి అమెరికా వాళ్లదిగా, నెల ముందు, రోజు తర్వాత వచ్చేలా ఉండిపోయింది. అలాంటి కంప్యూటర్లో 04/09/2012 అని కొడితే అది నాలుగో నెల తొమ్మిదో తేదీగా లోపల దాచుకుంటుంది. పైకి మాత్రం 4/9/2012 అనే చూపిస్తుంది కాబట్టి టైప్ చేసిన మనిషికి అనుమానం రాదు. 23/09/2012 అని కొడితే ఇరవై మూడో నెల ఉండదు కనుక దాన్ని తేదీగా ఒప్పుకోదు. కొట్టినది కొట్టినట్టు అక్షరాలుగా ఎడమ పక్కన వదిలేస్తుంది. అలా వదిలేసిన తేదీలు పోర్టల్లోకి సరిగ్గానే ఎక్కాయి. తేదీగా ఒప్పుకున్నవే తిరగబడ్డాయి.

అంటే నెలలో మొదటి పన్నెండు రోజుల్లో పుట్టిన పిల్లలకే ఈ ప్రమాదం. ఆ పన్నెండు రోజుల్లో కూడా, రోజూ నెలా ఒకే అంకె అయిన వాళ్లకి తిరగబడ్డా తేడా రాదు. లెక్క వేస్తే ఏడాదిలో 132 తేదీలు ఇలా తిరగబడగలవు, మూడో వంతు కన్నా ఎక్కువే. "అందరికీ పని చేస్తోంది, మీ ఒక్కరికే ఎందుకు చేయదు" అని ఆగస్టులో నన్ను అడిగారు. జవాబు ఇది. అదే షీటులో ఎక్కిన పక్క పిల్లకి లాగిన్ బాగానే తెరుచుకుంటుంది, ఆ పిల్ల ఇరవై మూడో తేదీన పుట్టింది కాబట్టి.

మేడమ్ రికార్డులో తేదీ మార్చి సేవ్ చేశారు. నా ఫోన్లో కొట్టి చూశాం, అప్పుడూ తెరుచుకోలేదు. ఒక్క క్షణం ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. పుట్టిన తేదీ మారినా పాస్‌వర్డ్ దానంతట అది మారదు, పాతదే ఉండిపోతుంది. నాలుగోసారి రీసెట్ నొక్కారు. ఈసారి రికార్డు సరైనది కనుక తాళంచెవీ సరైనదే వచ్చింది. ముందు రికార్డు, తర్వాత రీసెట్. ఈ వరస తప్పితే, సరిచేసిన తర్వాత కూడా పని చేయలేదని అందరూ చేతులెత్తేసే ప్రమాదం ఉంది.

తెరుచుకోగానే పోర్టల్ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగింది. సాయంత్రం పాపే పెట్టుకుంది. పుట్టిన తేదీని పాస్‌వర్డ్‌గా ఇవ్వడం నాకు మొదటి నుంచీ నచ్చని విషయం. క్లాసులో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో అందరికీ తెలుసు, చాక్లెట్లు పంచుతారు కదా. మార్చుకోకుండా వదిలేసిన అకౌంట్ ఎవరైనా తెరవగలరు. మా అకౌంట్ ఈ మూడు నెలలూ ఏప్రిల్ తొమ్మిదికి తెరుచుకునేలా ఉంది. Last Login దగ్గర గీత చూశాకే నా మనసు కుదుటపడింది.

లోపల పద్నాలుగు అసైన్‌మెంట్లు Not Submitted అని ఎర్రగా ఉన్నాయి. పోర్టల్ ప్రతిదానికీ సున్నా వేసి సగటు కట్టేసింది. నా జాబితాలో కాగితం మీద ఇచ్చినవి పన్నెండు. టీచర్ గారు తన దగ్గరున్న కాగితాలతో సరిచూసుకుని పన్నెండిటికీ మార్కులు ఎక్కించారు. మిగతా రెండూ పోర్టల్లోనే ఇచ్చిన ఆన్‌లైన్ క్విజ్‌లు, మాకు అవి ఉన్నాయనే తెలియదు. వాటిని లెక్కలోంచి తీసేశారు. ఇది నేను మొదటి ఉత్తరంలోనే అడిగి ఉండాల్సింది. లాగిన్ ఎప్పుడో ఒకప్పుడు బాగవుతుంది, కానీ ఈలోపు పడిన సున్నాలు ఎవరైనా ప్రత్యేకంగా అడిగితే తప్ప పోవు. వాటిని తీసే మనిషి వేరు, లాగిన్ బాగుచేసే మనిషి వేరు. ఉత్తరంలో ఇద్దరికీ వేర్వేరు పేరాలు పెట్టింది అందుకే.

ఇదంతా తల్లిదండ్రులు ఎందుకు వెతకాలి అని మా అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వెతకాల్సిన అవసరం రాకూడదు. అడ్మిషన్ రోజు రసీదు చేతికిచ్చే ముందు, అక్కడే కౌంటర్ దగ్గర, తల్లిదండ్రుల ఫోన్లో ఒకసారి లాగిన్ తెరిపించి పంపితే రెండు నిమిషాల పని. షీటు పంపి ఎక్కించే పిల్లలకైతే, ఎక్కిన మర్నాడు పిలిచి తెరిపించాలి. ఏ తప్పు ఉన్నా ఆ రోజే బయటపడుతుంది. వారం తర్వాత Last Login ఖాళీగా ఉన్న పిల్లల జాబితా ఒకసారి తీసి చూసినా చాలు. ఈ రెండూ నేను మేడమ్‌తో చెప్పాను, ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద కూడా రాసి ఇచ్చాను. అయినా అవి జరిగే వరకు పిల్ల అసలు పుట్టిన తేదీ తెలిసింది ఇంట్లోవాళ్లకే, రికార్డు కనిపించేది ఆఫీసుకే. ఈ రెండూ ఒక బల్ల మీదికి రావాలంటే ఎవరో ఒకరు ఉత్తరం రాయాల్సిందే.

నేను లేవబోతుంటే మేడమ్ ఆగమన్నారు. షీటులో మిగతా పది మందివీ ఫైళ్లు తీయించారు. ఆరుగురివి ఎడమ అంచుకి ఉన్నాయి, వాళ్లకి ఇబ్బంది లేదు. కుడి పక్కన మా పాపతో కలిపి ఐదుగురు. అందులో ఒకరిది జూలై ఏడు, తిరగేసినా అదే. మిగిలిన ముగ్గురి తేదీలూ తిరగబడే ఉన్నాయి, ముగ్గురి Last Login దగ్గరా అదే గీత. ఒకరి ఇంటి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చిందట, రీసెట్ చేసి పంపారు. మిగతా ఇద్దరి ఇళ్ల నుంచి అసలు ఎవరూ అడగలేదు. ఆవిడ ఫోన్ తీసి మొదటి నంబరు కలిపారు. "మీ బాబు పోర్టల్ తెరుస్తున్నాడా అమ్మా?" అని అడిగారు. అవతల మాట నాకూ వినిపించింది: "లేదండీ, వాడికి పాస్‌వర్డ్ సరిగా కొట్టడం రావట్లేదు."